మీల్ కార్డు, ఫోన్ బిల్లు: జీతం మార్చుకునేటప్పుడు పన్ను పడని భాగం ఎంత, ఎలా తీసుకోవాలి

జీతం స్ట్రక్చర్ మార్చుకునే ఆప్షన్ వచ్చినప్పుడల్లా ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. మీల్ కార్డు పెట్టుకుంటే నిజంగా చేతికి ఎక్కువ వస్తుందా? ఫోన్ రీయింబర్స్‌మెంట్ ఎంత పెట్టుకోవాలి? కొత్త రెజీమ్‌లో ఉన్నవాళ్లకు ఇవి పనికొస్తాయా? ఒక్కోదానికి విడిగా జవాబు చెబితే సగమే అర్థమవుతుంది, ఎందుకంటే ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

కింద ఉన్న లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 1961 చట్టం, 1962 నిబంధనల ప్రకారం వేసినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే జీతానికి ఆదాయపు పన్ను చట్టం 2025 వర్తిస్తుంది. కాబట్టి ఆ జీతానికి కొత్త నిబంధనల్లో ఉన్న భోజన పరిమితి, కొత్త షరతులు, ఆ ఏడాది శ్లాబులు తీసుకుని ఇదే వరుసలో లెక్క వేసుకోండి.

## 1. ముందు రెజీమ్ తేల్చుకోండి

చాలామంది ఈ అడుగు వదిలేసి నేరుగా పోర్టల్‌లో మీల్ కార్డు టిక్ చేసేస్తారు. ఏడాది చివర్లో పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గలేదేమిటని అడుగుతారు.

విషయం ఇది. కంపెనీ ఇచ్చే భోజనానికి పూటకు 50 రూపాయల దాకా పన్ను లేదని నిబంధన 3(7)(iii) చెబుతుంది. అయితే 2020 జూన్ 26న వచ్చిన నోటిఫికేషన్‌తో, కొత్త రెజీమ్ (సెక్షన్ 115బీఏసీ) ఎంచుకున్నవాళ్లకు వోచర్ రూపంలో ఇచ్చే భోజనం మీద ఈ మినహాయింపు తీసేశారు. అంటే మీల్ కార్డు లాభం పాత రెజీమ్ వాళ్లకే. కొత్త రెజీమ్‌లో ఉండి కార్డు తీసుకుంటే పన్ను ఎంత కట్టాలో అంతే కడతారు, పైగా ఆ డబ్బు తిండికి తప్ప దేనికీ వాడుకోలేని కార్డులో ఇరుక్కుంటుంది.

తీసేసింది వోచర్‌కు మాత్రమేనని గమనించండి. ఆఫీసు క్యాంటీన్‌లో కంపెనీ ఉచితంగా పెట్టే భోజనానికి ఆ కోత లేదు.

ఫోన్ సంగతి వేరు. ఉద్యోగి తరఫున కంపెనీ నిజంగా పెట్టిన టెలిఫోన్ ఖర్చు, మొబైల్‌తో సహా, పన్ను పడే సౌకర్యంగా లెక్కించకూడదని నిబంధన 3(7)(ix) చెబుతుంది. కొత్త రెజీమ్ వాళ్లకు ఇది వర్తించదని అందులో లేదు. కాబట్టి ఫోన్ రీయింబర్స్‌మెంట్ రెండు రెజీముల్లోనూ పనిచేస్తుంది. కాకపోతే కొన్ని కంపెనీల పోర్టల్స్ కొత్త రెజీమ్ ఎంచుకోగానే ఫ్లెక్సీ భాగాలన్నిటినీ ఒకేసారి మూసేస్తాయి. అది చట్టం పెట్టిన అడ్డు కాదు, ఆ కంపెనీ చేసుకున్న ఏర్పాటు. హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగడంలో తప్పులేదు.

మీరు ఏమీ చెప్పకపోతే కంపెనీ మిమ్మల్ని కొత్త రెజీమ్‌లోనే ఉంచి టీడీఎస్ కోస్తుంది, 2023-24 నుంచి అదే డిఫాల్ట్. పాత రెజీమ్ కావాలంటే మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఇక పోల్చే పద్ధతి. పాత రెజీమ్ లెక్కలో మీల్ కార్డు, ఫోన్ రెండూ తగ్గించి పన్ను వేయండి. కొత్త రెజీమ్ లెక్కలో ఫోన్ ఒక్కటే తగ్గించి వేయండి. ఏది తక్కువైతే అది మీది. మీల్ కార్డు కోసమని రెజీమ్ మార్చే ఆలోచన మాత్రం వద్దు. దాని వల్ల మిగిలేది ఏడాదికి కొన్ని వేలే, రెజీమ్ తప్పు ఎంచుకుంటే పోయేది అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు.

## 2. పేస్లిప్‌లో ఏ లైను నుంచి తీస్తారో చూడండి

మీల్ కార్డు, ఫోన్ అనేవి కంపెనీ మీకు కొత్తగా ఇచ్చే డబ్బు కాదు. మీ సీటీసీలో ఉన్నదాన్నే ఒక లైను నుంచి ఇంకో లైనుకు జరుపుతారు. ఏ లైను నుంచి తీస్తున్నారన్నది ముఖ్యం.

తీయాల్సింది స్పెషల్ అలవెన్స్ నుంచి. అది పూర్తిగా పన్ను పడే భాగం, ఇంకే లెక్కా సాధారణంగా దాని మీద నడవదు. బేసిక్ నుంచి తీస్తే మాత్రం దాని మీద లెక్కించే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కదులుతాయి. బేసిక్ ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి.

ఇక్కడే ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను బేసిక్‌తో పాటు స్పెషల్ అలవెన్స్ మీద కూడా లెక్కిస్తాయి. అలాంటి చోట నెలకు 3,700 జరిపితే మీ వాటా పీఎఫ్ 12 శాతం లెక్కన 444 తగ్గుతుంది, కంపెనీ వాటా కూడా ఆ మేరకు తగ్గొచ్చు. చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది కానీ అందులో కొంత మీ పీఎఫ్ డబ్బే. పీఎఫ్ కోత నెలకు 1,800 దగ్గర ఆగిపోయినవాళ్లకు ఈ గొడవ లేదు.

## 3. మీల్ కార్డుకు అంకె తేల్చడం

లెక్క చిన్నదే: పూటకు 50, రోజుకు రెండు పూటలు, నెలకు 22 పని దినాలు.

50 × 2 × 22 = 2,200 నెలకు, ఏడాదికి 26,400.

వారానికి ఆరు రోజులు పనిచేసేవాళ్లకు 26 రోజులు లెక్కేసి 2,600 ఇచ్చే కంపెనీలున్నాయి. రోజుకు ఇన్ని పూటలని నిబంధనలో అంకె లేదు. పని గంటల్లో ఇచ్చే భోజనం అని మాత్రమే ఉంది, రెండు పూటలన్నది కంపెనీలు అనుసరిస్తూ వస్తున్న లెక్క. ఒకవేళ మీ ఆఫీసులో మధ్యాహ్న భోజనం ఉచితంగా పెడుతూ, పైన కార్డులో కూడా రోజుకు రెండు పూటలు వేస్తుంటే, ఆ లెక్క నిలబడటం కష్టం. అలాంటి చోట ఒక పూటకే, అంటే 1,100కే పరిమితం చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

వోచర్‌కు నిబంధన పెట్టిన షరతులు రెండు: వేరేవాళ్లకు బదిలీ చేయడానికి వీల్లేనిదై ఉండాలి, తినే చోట్ల మాత్రమే చెల్లాలి. అందుకే ఈ కార్డులతో ఏటీఎంలో డబ్బు తీయలేరు. మద్యం ఇందులోకి రాదు, నిబంధన "నాన్ ఆల్కహాలిక్" అని విడిగా రాసింది.

పరిమితి దాటి లోడ్ చేస్తే ఏమవుతుంది? కంపెనీ నెలకు 3,000 వేసిందనుకోండి, రోజుకు రెండు పూటలు, 22 రోజుల లెక్కన 2,200 దాకా పన్ను లేదు, మిగతా 800 జీతంలో కలిపి పన్ను వేస్తారు. నష్టమేమీ లేదు కానీ లాభమూ లేదు, ఆ 800 ఖాతాలోనే ఉంటే మీ ఇష్టం వచ్చినట్టు వాడుకునేవారు.

పేస్లిప్‌లో "ఫుడ్ అలవెన్స్" అని నగదు వస్తుంటే అది వోచర్ కిందికి రాదు. పేరులో ఫుడ్ ఉన్నంత మాత్రాన లాభం లేదు, మొత్తానికీ పన్ను పడుతుంది.

## 4. ఫోన్‌కు అంకె తేల్చడం

ఫోన్‌కు చట్టంలో రూపాయల పరిమితి లేదు. ఉన్నది ఒక్కటే షరతు, ఖర్చు నిజంగా జరిగి ఉండాలి. కాబట్టి మీ పరిమితి మీ బిల్లులే, దాని పైన కంపెనీ పాలసీ పెట్టిన గరిష్ఠం.

నెలకు 3,000 దాకా పెట్టుకోవచ్చని పోర్టల్ చెప్పగానే చాలామంది 3,000 రాసేస్తారు. బిల్లులు 900 దాటవు. మిగిలిన 2,100 నెలనెలా పేరుకుపోయి, ఏడాది చివర్లో పన్ను పడే జీతంగా ఒకేసారి బయటికొస్తుంది. 12 నెలలకు అది 25,200. ఆ పన్నంతా ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక్క దెబ్బకు కోస్తారు. నష్టమేమీ జరగకపోయినా ఆ నెల జీతం చూసి టెన్షన్ తప్పదు. కొన్ని కంపెనీల పాలసీలో అయితే వాడుకోని డబ్బు మురిగిపోతుంది కూడా. డిక్లేర్ చేసేముందు ఆ ఒక్క లైను చదవండి.

అంకె తేల్చే పద్ధతి: గత మూడు నాలుగు నెలల బిల్లులు తీయండి, సగటు వేయండి, దాన్ని కిందికి రౌండ్ చేయండి.

బిల్లులో ఏ అంకె తీసుకోవాలో ఒకసారి దగ్గరగా చూద్దాం. పోస్ట్‌పెయిడ్ ప్లాన్ 599 అనుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపితే 706.82. ఇది మీ ఖర్చు, జీఎస్టీతో సహా క్లెయిమ్ చేయొచ్చు. కానీ గత నెల కట్టకుండా వదిలేసి ఉంటే ఈ నెల బిల్లు మీద పెద్ద అక్షరాలతో కనిపించే "టోటల్ డ్యూ" 1,413 పైన ఉంటుంది. అది రాస్తే పేరోల్ వాళ్లు వెనక్కి పంపుతారు, పంపాలి కూడా, ఎందుకంటే పోయిన నెల బిల్లు మీరు ఇప్పటికే పెట్టి ఉంటారు. లోపల "ఈ నెల ఛార్జీలు" అని ఉండే లైను తీసుకోండి. ఆలస్య రుసుము, బిల్లులోనే కలిసి వచ్చే హ్యాండ్‌సెట్ వాయిదా లాంటివి అందులోంచి తీసేయండి.

ఫ్యామిలీ ప్లాన్ ఉన్నవాళ్లు జాగ్రత్త. ఒకే బిల్లులో మీ నంబరు, భార్య నంబరు, నాన్నగారి నంబరు ఉంటే మీ నంబరుకు పడిన ఛార్జీ వరకే పెట్టండి. కనెక్షన్ మీ పేరు మీద ఉండాలి. ఇంట్లో కనెక్షన్లన్నీ నాన్నగారి పేరు మీద ఉండటం మామూలే, కానీ పేరోల్ తనిఖీలో ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. ఏప్రిల్ లోపే పేరు మార్పించుకుంటే ఏడాదంతా నిశ్చింత.

బ్రాడ్‌బ్యాండ్ పెట్టొచ్చా అంటే, నిబంధనలో ఉన్న మాట టెలిఫోన్. ల్యాండ్‌లైన్‌తో కలిసి వచ్చే బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకు ఇబ్బంది తక్కువ. ఒట్టి ఇంటర్నెట్ కనెక్షన్ విషయంలో మీ కంపెనీ పాలసీ ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకోండి.

ప్రీపెయిడ్ వాళ్లు రీఛార్జ్ చేసినప్పుడు వచ్చే ఎస్‌ఎంఎస్ స్క్రీన్‌షాట్ పెట్టి తిరస్కరించారని బాధపడుతుంటారు. ఆపరేటర్ యాప్‌లో పేరు, నంబరు, తేదీ, పన్ను వివరాలు ఉన్న ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అది పెట్టండి. మూడు నెలల ప్లాన్ ఒకేసారి వేయించుకునేవాళ్లు నెలవారీ పరిమితి తర్వాతి నెలకు క్యారీ అవుతుందో లేదో ముందే కనుక్కోవాలి. అవ్వకపోతే పెద్ద బిల్లులో ఒక నెల పరిమితి మేరకే ఒప్పుకుని మిగతాది కొట్టేస్తారు.

## 5. ఒక జీతం తీసుకుని పూర్తిగా లెక్క వేద్దాం

హైదరాబాద్‌లో అద్దెకుంటూ, విజయవాడలో అమ్మానాన్నలు ఉంటున్న సొంత ఇంటికి లోన్ కడుతున్న ఒక ఉద్యోగి అనుకోండి. ఏడాదికి గ్రాస్ 15 లక్షలు. సులువుగా ఉండటానికి వృత్తి పన్ను వదిలేస్తున్నాను.

పాత రెజీమ్‌లో తగ్గింపులు ఇలా ఉన్నాయి:

- స్టాండర్డ్ డిడక్షన్ 50,000
- హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 2,40,000
- ఇంటి లోన్ వడ్డీ 2,00,000
- 80సీ కింద 1,50,000
- ఆరోగ్య బీమా 25,000

మొత్తం 6,65,000. పన్ను పడే ఆదాయం 8,35,000. దాని మీద పన్ను 79,500, 4 శాతం సెస్‌తో 82,680. అదే జీతానికి కొత్త రెజీమ్‌లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 14,25,000 మీద సెస్‌తో 97,500 పడుతుంది. కాబట్టి ఈయనకు పాత రెజీమే మేలు.

ఇప్పుడు స్పెషల్ అలవెన్స్ నుంచి నెలకు 2,200 మీల్ కార్డుకు, 1,500 ఫోన్‌కు జరిపారు. ఏడాదికి 26,400, 18,000, మొత్తం 44,400. పన్ను పడే ఆదాయం 7,90,600కు దిగింది. పన్ను సెస్‌తో సుమారు 73,445. మిగిలింది 9,235, నెలకు దాదాపు 770.

ఇందులో మీల్ కార్డు వాటా 5,491, ఫోన్ వాటా 3,744. మీరు ఏ శ్లాబులో ఉన్నారన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. పాత రెజీమ్‌లో 30 శాతం శ్లాబు వాళ్లకు అదే 44,400 మీద 13,850 దాకా మిగులుతుంది. 5 శాతం శ్లాబులో ఉండి రిబేటుతో పన్ను ఎలాగూ సున్నా అయ్యేవాళ్లకు ఏమీ మిగలదు, వాళ్లు ఈ రెండూ పెట్టుకోనవసరం లేదు.

ఇదయ్యాక మొదటి నెల జీతం పడగానే "అండీ, పెరుగుతుందన్నారు, నా ఖాతాలో తగ్గింది" అని అడుగుతారు. తగ్గుతుంది, అది సరైనదే. లెక్క చూడండి:

- స్పెషల్ అలవెన్స్ తగ్గింది: 3,700
- బిల్లు పెట్టాక ఫోన్ డబ్బు ఖాతాకు వచ్చింది: 1,500
- టీడీఎస్ తగ్గి ఖాతాకు వచ్చింది: 770
- ఖాతాలో నికరంగా తగ్గింది: 1,430
- మీల్ కార్డులో వచ్చింది: 2,200

2,200లోంచి 1,430 తీసేస్తే 770. అదే మీ నిజమైన పెరుగుదల. ఆ 2,200 మీరు బయట తిండికి ఎలాగూ ఖర్చు పెట్టేవారైతేనే ఇది లాభం. నెలంతా ఇంటి క్యారేజీ తీసుకెళ్లి, బయట ఎప్పుడో గానీ తిననివాళ్లు కార్డు ఖాళీ చేయడం కోసం ఖర్చు పెడితే, 458 రూపాయల పన్ను మిగుల్చుకోవడానికి 2,200 ఖర్చు చేసినట్టు. వాళ్లు ఫోన్ ఒక్కటి పెట్టుకుంటే చాలు.

ఇదే ఉద్యోగి కొత్త రెజీమ్‌లో ఉండి ఉంటే ఫోన్ 18,000 మీద మిగిలేది 2,808. మీల్ కార్డు మీద సున్నా.

## 6. కొత్త రెజీమ్‌లో 12.75 లక్షల కాస్త పైన ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి

ఫోన్ రీయింబర్స్‌మెంట్‌కు అసలు బలం ఇక్కడ కనిపిస్తుంది, దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

2025-26లో కొత్త రెజీమ్ కింద పన్ను పడే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే రిబేటుతో పన్ను లేదు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షలు. ఆ గీత కాస్త దాటినవాళ్లకు మార్జినల్ రిలీఫ్ ఉంది, అంటే 12 లక్షలకు పైన ఎంత ఎక్కువ సంపాదించారో అంతకు మించి పన్ను పడదు, సెస్ అదనం. వినడానికి బాగుంది కానీ దాని అర్థం, గీత దాటిన ప్రతి రూపాయీ పూర్తిగా పన్నుకే పోతోందని. పన్ను పడే ఆదాయం సుమారు 12,70,588 దాకా ఇదే పరిస్థితి.

గ్రాస్ 12,90,000 ఉన్నవాళ్లను తీసుకోండి. పన్ను పడే ఆదాయం 12,15,000. శ్లాబుల ప్రకారం 62,250 రావాలి, రిలీఫ్ వల్ల 15,000కు ఆగుతుంది, సెస్ 600 కలిపి 15,600 కట్టాలి. ఇప్పుడు ఫోన్ బిల్లులకు ఏడాదికి 18,000 జరిపితే ఆదాయం 11,97,000. పన్ను సున్నా. నెలకు 1,500 ఫోన్ బిల్లుతో 15,600 మిగిలింది, 15 లక్షల జీతగాడికి కొత్త రెజీమ్‌లో అవే బిల్లులతో మిగిలింది 2,808 అని గుర్తుంటుంది కదా.

రెండు జాగ్రత్తలు. ఎఫ్‌డీ వడ్డీ, సేవింగ్స్ వడ్డీ కూడా ఈ 12 లక్షల్లో కలుస్తాయి, కాబట్టి జీతం ఒక్కటే చూసి గీత కిందికి వచ్చామనుకోకండి. రెండోది, ఇంత మిగులుతుందని లేని బిల్లులు పుట్టించవద్దు. ఇతరుల బిల్లులు ఎడిట్ చేసి పెట్టడం కంపెనీ తనిఖీలో దొరికితే పోయేది ఉద్యోగం, పన్ను సంగతి తర్వాత.

## 7. డిక్లేర్ చేసే రోజు

చాలా కంపెనీల్లో ఈ కిటికీ ఏప్రిల్‌లో ఒకసారి తెరుచుకుంటుంది, కొత్తగా చేరినవాళ్లకు చేరిన మొదటి రోజుల్లో. ఒకసారి మూశాక ఏడాదంతా మార్చనివ్వకపోవచ్చు. మధ్యలో మొదలుపెడితే మిగిలిన నెలలకే లాభం.

సబ్మిట్ నొక్కేముందు ఇవి టిక్ చేసుకోండి:

- రెండు రెజీముల లెక్కా వేశాను, ఒకటి ఎంచుకున్నాను, పోర్టల్‌లో కూడా అదే కనిపిస్తోంది
- డబ్బు తీస్తున్నది స్పెషల్ అలవెన్స్ నుంచే, బేసిక్ మారలేదు
- పీఎఫ్ అంకె మారుతుందో లేదో అడిగాను
- పాత రెజీమ్ అయితేనే మీల్ కార్డు పెట్టాను, అంకె 50 రూపాయల లెక్కకు లోబడి ఉంది
- ఫోన్ అంకె నా బిల్లుల సగటును దాటలేదు
- కనెక్షన్ నా పేరు మీద ఉంది
- వాడుకోని ఫోన్ డబ్బు ఏమవుతుందో పాలసీలో చదివాను
- బిల్లు పెట్టడానికి నెలలో ఆఖరి తేదీ ఎప్పుడో రాసి పెట్టుకున్నాను

## 8. మొదటి పేస్లిప్, ఆ తర్వాత ప్రతి నెలా

మొదటి పేస్లిప్ రాగానే టీడీఎస్ షీట్ తెరవండి. అందులో ఏడాది అంచనా ఆదాయం ఉంటుంది. పై ఉదాహరణలో అది 44,400 తగ్గి ఉండాలి. తగ్గకపోతే రెండు కారణాల్లో ఒకటి: రెజీమ్ తప్పుగా పడింది, లేదా ఫోన్ బిల్లు పెట్టేదాకా దాన్ని పన్ను పడే డబ్బుగానే చూపిస్తున్నారు. రెండోదైతే బిల్లు ఆమోదం పొందాక తర్వాతి నెలలో సర్దుకుంటుంది.

ఫోన్ బిల్లులు ఏ నెలవి ఆ నెలే పెట్టండి. ఏడాది చివర 12 బిల్లులు ఒకేసారి పెడితే వాటిలో రెండు మూడు తిరస్కరణకు గురైనా సరిచేసి మళ్లీ పెట్టే సమయం ఉండదు. ఆమోదం రాకుండా పెండింగ్‌లో ఉన్నవి నెలకోసారి చూసుకోండి. బిల్లుల పీడీఎఫ్‌లు, కట్టిన రుజువులు మీ దగ్గర ఒక ఫోల్డర్‌లో దాచండి, కంపెనీ పోర్టల్‌నే నమ్ముకుంటే ఉద్యోగం మానేసిన రోజే దాని తలుపులు మూసుకుపోతాయి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి దారి

ఫోన్ డబ్బు బిల్లు లేకుండా నెలనెలా వస్తోంది. అది రీయింబర్స్‌మెంట్ కాదు, టెలిఫోన్ అలవెన్స్. పూర్తిగా పన్ను పడుతుంది. బిల్లు మీద ఇచ్చే పద్ధతికి మార్చమని హెచ్‌ఆర్‌ను అడగండి, ఆ మార్పు ముందుకే వర్తిస్తుంది, గడిచిన నెలలకు రాదు.

కొత్త రెజీమ్‌లో ఉండి మీల్ కార్డు తీసుకున్నారు. తర్వాతి నెల నుంచి ఆపించమని రాయండి. ఉన్న బ్యాలెన్స్ తిండికి వాడేసుకోండి. ఇప్పటిదాకా కోసిన పన్ను సరైనదే, దాని కోసం పోరాడి లాభం లేదు.

ఆఫీసులో పాత రెజీమ్, రిటర్న్‌లో కొత్త రెజీమ్. వ్యాపార ఆదాయం లేనివాళ్లు గడువులోగా రిటర్న్ వేసేటప్పుడు రెజీమ్ మార్చుకోవచ్చు. కానీ పాత రెజీమ్ లెక్కన ఏడాదంతా మీల్ కార్డు మీద పన్ను వేయలేదు కదా, ఇప్పుడు కొత్తదానికి మారితే ఆ మినహాయింపు పోతుంది, ఆ 26,400 ఆదాయంలో తిరిగి కలపాలి. ఫారం 16లో ఉన్న జీతం అంకె అలాగే ఎత్తి రాస్తే ఆదాయం తక్కువ చూపినట్టే. ఈ తప్పు చేస్తున్నామని కూడా చాలామందికి తెలియదు.

బిల్లులు పెట్టడం మరిచిపోయి, రిటర్న్‌లో తగ్గించుకుందాం అనుకుంటున్నారు. కుదరదు. ఖర్చు కంపెనీ భరిస్తేనే ఈ వెసులుబాటు. కంపెనీ దాన్ని జీతంగా ఇచ్చేసి ఫారం 16లో చూపించాక, మీరు సొంతంగా తగ్గిస్తే రెండు అంకెలు సరిపోలవు, నోటీసు రావచ్చు. ఏడాది ముగిసేలోపు పేరోల్ వాళ్లు మళ్లీ ఒకసారి బిల్లులు తీసుకుంటారేమో అడగడం ఒక్కటే దారి.

## 10. ఉద్యోగం మారుతుంటే

రాజీనామా పెట్టిన రోజునే మీల్ కార్డు బ్యాలెన్స్ చూడండి. ఆఖరి రోజు తర్వాత కార్డు ఎంతకాలం పనిచేస్తుందో అడగండి, ముందే వాడేయడం క్షేమం. ఫోన్ బిల్లులు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు ముందే పెట్టాలి, ఆఖరి నెల బిల్లు ఇంకా రాకపోతే అప్పటిదాకా ఉన్నవాటినైనా పెట్టి ఆమోదం తీసుకోండి.

కొత్త కంపెనీలో చేరగానే రెజీమ్ మళ్లీ చెప్పాలి. పాత కంపెనీలో మీరు పాత రెజీమ్ అన్న సంగతి వీళ్లకు తెలియదు, చెప్పకపోతే కొత్త రెజీమ్‌లో పెట్టేస్తారు, మీల్ కార్డు లాభం ఆ నెల నుంచే ఆగుతుంది. పాత కంపెనీ జీతం, కోసిన టీడీఎస్ వివరాలు వీళ్లకు ఇచ్చేటప్పుడు పన్ను పడే జీతం అంకె ఇవ్వండి, మీల్ కార్డు, ఫోన్ డబ్బు కలిసిన గ్రాస్ ఇస్తే ఒకసారి మిగుల్చుకున్న పన్ను ఇక్కడ తిరిగి కోసేస్తారు.